స్టువర్టుపురం స్టేషన్ జోకు: పోస్టు పెట్టేముందు ఏది తీసెయ్యాలి?

కృష్ణాతీరం

పోయిన నెల విజయవాడ నుంచి చెన్నైకి పగటి బండిలో వెళ్ళాం, నేనూ మా ఆవిడా మా బావమరిదీ. ఆ ప్రయాణం మీద పెద్ద పోస్టు రాశాను, ఇంకా పెట్టలేదు. కిటికీ పక్కన కూర్చుని ఏ స్టేషన్ దగ్గర ఏం చూశామో, ఏం తిన్నామో రాసుకుంటూ పోయాను. పెట్టేముందు మా ఆవిడకి చదివి వినిపిస్తే బాపట్ల దాటాక వచ్చే పేరా దగ్గర ఆపేసింది. "ఇది తీసెయ్యి" అంది. ఎందుకంటే చెప్పలేదు. నీకే తెలియాలి అంది. ఆ పేరా ఇది:

"బాపట్ల దాటింది, ఇక స్టువర్టుపురం అనగానే మా బావమరిది బ్యాగులన్నీ ఒళ్ళోకి లాక్కున్నాడు. నేను చెప్పులు కాళ్ళకే ఉన్నాయా అని చూసుకున్నాను. బండి ఆగకుండా పోయింది కాబట్టి బతికిపోయాం! ఇప్పుడు అక్కడివాళ్ళు కూడా మారిపోయారట, పిల్లలు చదువుకుంటున్నారట, మంచిదే. ఇంతలో ఎదురు సీటాయన స్థలాల రేట్ల గురించి ఎరుకలసాని సోది మొదలెట్టాడు, ఒంగోలు దాకా ఆపలేదు."

నాకు ఎవరిమీదా కోపం లేదు. చిన్నప్పటినుంచి ఆ లైన్లో వెళ్ళే ప్రతివాళ్ళూ అనే మాటే ఇది. అంత తప్పా? తీసెయ్యాలంటే ఏది తీసెయ్యాలి, ఏది ఉంచొచ్చు? పేరా మొత్తం పోతే బాపట్లకీ చీరాలకీ మధ్య ఏమీ మిగలదు.

సరదాబాబు

ఏదీ తీసెయ్యకండి. జోకుని జోకులా తీసుకోలేనివాళ్ళ కోసం రాస్తే చివరికి రైల్వే టైమ్ టేబుల్ మిగులుతుంది. గోదావరోళ్ళ మర్యాద మీద జోకులు లేవా, నెల్లూరు వాళ్ళ మీద లేవా? అందరం నవ్వుకుంటున్నాంగా.

గోంగూరపచ్చడి

మీ ఆవిడ చెప్పాక కూడా ఇక్కడికొచ్చి అడుగుతున్నారంటే ధైర్యవంతులే.

నల్లబల్ల

ఈ చర్చ ఎవరో ఒకరు మొదలుపెట్టాలి అనుకుంటున్నాను. ఖమ్మంలో పాఠాలు చెబుతాను. మా పిల్లలు మాట్లాడే యాసని కామెడీ సీన్లలో వాడి నవ్వించడం ఎన్నేళ్ళుగానో చూస్తున్నాం. పనిమనిషికో రౌడీకో మాత్రమే ఆ యాస ఇస్తారు. శ్రీకాకుళం యాసకీ అదే గతి. ముందు ఆ వెక్కిరింపు రాతల్లోంచి పోవాలి.

ప్రూఫురీడర్ పద్మ

నల్లబల్ల గారూ, మీరన్నది నిజమే కానీ ఆయన అడిగింది యాస గురించి కాదు, ఒక ఊరినీ ఒక తెగనీ దొంగలనడం గురించి. ఆ రెండిటి బరువు ఒకటి కాదు.

కృష్ణాతీరం గారూ, నేను ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో పదకొండేళ్ళు ఎడిటింగ్ చేశాను. యాత్రాకథనాల్లో సరిగ్గా ఇలాంటి పేరాలే వచ్చేవి. వాక్యం వాక్యం చూద్దాం.

బ్యాగులు ఒళ్ళోకి లాక్కోవడం నిజంగానే జరిగింది. జరిగింది కాబట్టి ఉంచొచ్చు అనిపిస్తుంది. కానీ మీ పేరాలో ఆ పనిని ఎవరూ ప్రశ్నించరు, పైగా వెంటనే మీరు చెప్పులు చూసుకుంటారు. అంటే రాసేవాడు కూడా బావమరిది పక్కనే నిలబడ్డాడు. చదివేవాళ్ళకి అందేది బావమరిది భయం కాదు, ఆ ఊరికి మీరిచ్చిన సర్టిఫికెట్. "బతికిపోయాం" ఆ సర్టిఫికెట్ మీద ముద్ర.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం ఆ రెండూ కాదు, "ఇప్పుడు అక్కడివాళ్ళు కూడా మారిపోయారట" అన్నది. మంచిమాట అనుకుని రాశారు. ఆ "కూడా" తీసి చదవండి, తర్వాత "మారిపోయారు" తీసి చదవండి. మారారు అంటే నిన్నటిదాకా అందరూ దొంగలే అని ఒప్పేసుకున్నట్టు. ఆ "ట" ఇంకా ఘోరం, నేను చూడలేదు, ఎవరో చెప్పారు, నమ్మొచ్చో లేదో అని. ఒక ఊళ్ళో పిల్లలు బడికి వెళ్ళడం వార్త అవ్వడమే అవమానం. తెనాలి గురించి రాసేటప్పుడు "అక్కడ పిల్లలు చదువుకుంటున్నారట" అని రాశారా?

కృష్ణాతీరం

రాయలేదు. తెనాలి దగ్గర టీ గురించి రాశాను.

చీరాల చేనేత

మాది ఆ పక్కే, అందుకే చెబుతున్నా. అక్కడ బ్రిటిష్ వాళ్ళు పెద్ద జైలు కట్టించి దొంగలందర్నీ తెచ్చి పడేశారు. స్టువర్ట్ అనేవాడు జైలరు. జైలు పోయింది, పేరు ఉండిపోయింది. కాబట్టి ఇప్పటివాళ్ళని అనడం తప్పు, వాళ్ళ తాతల గొడవ అది. మా ఊరివాళ్ళు రోజూ వాళ్ళతో కలిసి పని చేస్తారు, ఒక్క పిన్నీసు పోలేదు.

పాతకాగితాలు

చేనేత గారూ, మీ చివరి మాట బంగారం, కథ మాత్రం సరిదిద్దాలి. ఎందుకంటే మీరు చెప్పిన కథలోనే జోకు దాక్కుని ఉంది.

అది జైలు కాదు. తెచ్చినవాళ్ళు నేరం రుజువైనవాళ్ళు కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం అని ఒకటి చేసింది. మొదట అది ఉత్తరాదికే, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. దాని ప్రకారం ఒక తెగని మొత్తంగా నోటిఫై చెయ్యొచ్చు. నోటిఫై అయ్యాక ఆ తెగలో పుట్టినవాడు ఏమీ చెయ్యకపోయినా పోలీసు రిజిస్టర్లో పేరు ఎక్కించుకోవాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, పక్క ఊరికి పోవాలంటే అనుమతి చీటీ ఉండాలి. ఎరుకలవాళ్ళని అలా నోటిఫై చేశారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చి ఒక సెటిల్మెంట్ పెట్టారు, దానికి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఆయన జైలరు కాదు. ఇలాంటి సెటిల్మెంట్లు సీతానగరంలో, కావలిలో, కప్పరాళ్ళతిప్పలో కూడా ఉండేవి. వాటి మీద జోకులు ఇంతగా వినపడవు, ఎందుకంటే ఈ పేరే ఎక్కువగా నోళ్ళలో పడింది.

ఇంకో సంగతి. ఎరుకలవాళ్ళు అంతకుముందు ఏం చేసేవాళ్ళో ఎవరూ అడగరు. బుట్టలు అల్లడం మనకి తెలుసు. దానితో పాటు వాళ్ళకి పెద్ద వ్యాపారం ఉండేది. తీరం నుంచి ఉప్పు ఎడ్ల మీదా గాడిదల మీదా వేసుకుని లోపలి జిల్లాలకి తీసుకెళ్ళి ధాన్యం తెచ్చేవాళ్ళు. రైలు వచ్చింది, ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది, ఆ బేరం పోయింది. తిరిగే మనిషికి తిరగడానికి కారణం లేకపోయేసరికి పోలీసు కంటికి దేశదిమ్మరి అయ్యాడు. అంటే రైలు వాళ్ళ బతుకు తీసింది. మనం ఆ రైల్లోనే కూర్చుని బ్యాగులు దాచుకుంటున్నాం.

మద్రాసులో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న. చట్టం పోయి డెబ్భై ఏళ్ళు దాటినా ఆ రిజిస్టర్ మన జోకుల్లో బతుకుతోంది.

సరదాబాబు

అంటే అక్కడ దొంగతనాలే జరగలేదంటారా? చరిత్రని అటు తిప్పి కూడా చెప్పకూడదు కదా.

పాతకాగితాలు

జరగలేదని అనలేదు. ఆకలికి చేసినవాళ్ళున్నారు, పేరుమోసినవాళ్ళున్నారు, వాళ్ళమీద సినిమాలూ వచ్చాయి. 1970ల నుంచి సంఘసంస్కర్తలైన హేమలతా లవణం, లవణం గార్లు అక్కడ ఏళ్ళతరబడి పని చేశారు, నేరం వదిలేసిన కుటుంబాలకి భూమి, పని చూపించడానికి తిరిగారు. అదంతా నిజమే. చేసినవాడి పేరుతో చెబితే అది చరిత్ర. ఊరు పేరుతో చెబితే 1911 చట్టమే మళ్ళీ. మిగతా ఊళ్ళల్లో దొంగ పట్టుబడితే ఆ దొంగ పేరు చెబుతాం కదా, ఊరిని కాదు.

ఊరిపేరు వద్దు

నేను ఇక్కడ ఎప్పుడూ క్రికెట్ చర్చల్లోనే రాస్తాను. ఇది చూసి రెండు రోజులు ఊరుకున్నాను. రాయాలనిపించింది.

మాది ఆ ఊరే. బెంగళూరులో ఉద్యోగం. ఆఫీసులో సొంత ఊరు అడిగితే బాపట్ల అంటాను. అబద్ధం కాదు, జిల్లా అదే.

ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో ఉండేవాణ్ణి. మొదటి రోజే ఎవరో నా ఫారం చూసి "ఒరేయ్ జేబులు జాగ్రత్త" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మంచి పిల్లలే, నాకు నోట్సు ఇచ్చేవాళ్ళు, కలిసి తినేవాళ్ళం. ఆ జోకు రోజూ ఉండేది. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకబ్బాయి వాచీ పోయింది. వార్డెన్ వచ్చి ఎవర్నీ ఏమీ అడగలేదు, నేరుగా నా ట్రంకుపెట్టె తెరిపించాడు. మంచం మీద ఒక్కొక్కటీ తీసి పెట్టాడు. రెండు చొక్కాలు, దువ్వెన, మా అమ్మ ఇచ్చిన ఉసిరికాయ పచ్చడి సీసా, కెమిస్ట్రీ రికార్డు. తీసేటప్పుడు సీసా మూత ఊడి నూనె రికార్డు మీద ఒలికింది. వాచీ సాయంత్రం బాత్రూమ్ కిటికీ గూట్లో దొరికింది, ఆ అబ్బాయే పెట్టి మరచిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ నూనె మరకల రికార్డుతోనే ప్రాక్టికల్స్‌కి వెళ్ళాను.

సరదాబాబు గారూ, అక్కడ నన్ను ద్వేషించినవాళ్ళు ఒక్కరూ లేరు. కానీ ఆరు నెలలు అనుకున్న జోకే వాచీ పోయిన రోజు సాక్ష్యం అయిపోయింది. వార్డెన్ దగ్గర నా మీద వేరే ఆధారం ఏముంది?

ప్రూఫురీడర్ పద్మ

ఈ పోస్టు తర్వాత నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రాసినందుకు థాంక్స్ అండీ.

గోంగూరపచ్చడి

నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ సీసా దగ్గర ఆగిపోయాను.

కృష్ణాతీరం

రాత్రి మా బావమరిదికి కూడా చదివి వినిపించాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. సరే, ఆ పేరా ఇలా మార్చాను, చూడండి:

"బాపట్ల దాటాక ఒక స్టేషన్ వస్తుంది, పేరు చెప్పను, ఆ లైన్లో తిరిగేవాళ్ళకి తెలుసు. మా బావమరిది బ్యాగులు దగ్గర పెట్టుకున్నాడు."

ఊరు పేరు లేదు, తెగ పేరు లేదు. ఇప్పుడు బాగుందా?

ప్రూఫురీడర్ పద్మ

లేదండీ, ఇది ఇంకా చెడింది. పేరు తీశారు, సైగ ఉంచారు. ఇందాక జోకు మీ ఒక్కరిదే, ఇప్పుడు చదివేవాణ్ణి కూడా అందులోకి లాగారు, "నీకూ తెలుసుగా" అని కన్ను కొట్టారు. డెస్కులో ఇలాంటివి చాలా చూశాం. పేరు కొట్టేస్తే సరిపోతుందనుకుంటారు. పేరు లేకుండా చదివినా అదే ఊరు గుర్తొస్తే మీరు ఏమీ తీయనట్టే.

లా పాయింట్

ఎవరూ అడగలేదు కానీ చెబుతాను. పేరు లేకపోతే కేసు ఉండదు అని చాలామంది ధీమా. రెండు రాష్ట్రాల్లోనూ ఎరుకల షెడ్యూల్డ్ తెగ. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో నలుగురిలో కులం పేరుతో దూషించడం ఒక్కటే కాదు, మాటలతో గానీ రాతతో గానీ ఆ వర్గాల మీద శత్రుభావం రెచ్చగొట్టడం కూడా నేరమే. ఈ పేరాకి అది వర్తిస్తుందని నేను అనడం లేదు, ఉద్దేశం ఏమిటి, సందర్భం ఏమిటి అన్నది కోర్టు చూస్తుంది. పేరు చెప్పలేదు అన్న ఒక్క ముక్క మీద ఆధారపడొద్దు అంటున్నాను, అంతే.

సరదాబాబు

ఇదిగో, కేసుల దాకా వచ్చింది. అందుకే జనం రాయడం మానేస్తున్నారు.

లా పాయింట్

నేను కేసు వెయ్యమనలేదు సార్. ఆయన అడగకపోయినా తెలిస్తే మంచిదని చెప్పాను.

డల్లాస్ దాకా

మాకు ఇక్కడ తెలుగు సంఘంలో ఇలాంటిదే వచ్చింది. పిల్లల వేషాల పోటీలో ఒక పాప ఎరుకలసాని వేషం వేసింది. చంకలో బుట్ట, చేతిలో కర్ర, "ఎరుక చెబుతానమ్మా ఎరుక" అంటూ. కార్యక్రమం గురించి మా వెబ్‌సైట్లో రాసేటప్పుడు ఒకాయన ఫొటో కింద "మా సంఘంలో సోది చెప్పేవాళ్ళకి కొదవలేదు" అని వ్యాఖ్య పెట్టాడు. కొందరం వేషమే తీసెయ్యాలన్నాం, కొందరం వ్యాఖ్య మాత్రం తీస్తే చాలన్నాం. చివరికి రెండూ తీశాం. ఆ పాప ఏడ్చింది. అది తప్పు చేశామా అని ఇప్పటికీ అనుమానం.

పాతకాగితాలు

నా లెక్కలో తప్పే. వేంకటేశ్వరస్వామి పెళ్ళి కథలో స్వామే ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు ఇంటికి వెళ్ళి పద్మావతి గురించి సోది చెబుతాడు. మన యక్షగానాల్లో ఎరుకత పాత్ర లేకపోతే పెళ్ళి కుదరదు. ఆ వేషంలో గౌరవం ఉంది, విద్య ఉంది. కింద వ్యాఖ్యలో వెక్కిరింపు ఉంది. వ్యాఖ్య తీసి పాప ఫొటో ఉంచాల్సింది.

ఊరిపేరు వద్దు

నాకు అంత తేలిగ్గా అనిపించదు. మా అమ్మమ్మ ఎరుక చెప్పేది. ఆమె చీర వేరు, వేషాల పోటీలో వేసే చీర వేరు. అద్దాలూ పూసలూ అన్నీ కలిపేసి ఒక "గిరిజన" డ్రెస్సు చేస్తారు. ఆ పాప తప్పు లేదు. ఫొటో ఉంచాలా వద్దా అంటే నేను చెప్పలేను.

కృష్ణాతీరం

మరి "సోది" మాటేం చెయ్యాలి? ఇది తెలుగులో అందరూ వాడేదే కదా. "సోది ఆపు" అని రోజుకి పదిసార్లు అంటాం.

ప్రూఫురీడర్ పద్మ

మీ వాక్యంలో అది ఒట్టి "సోది" కాదు, "ఎరుకలసాని సోది". తెగ పేరు మీరే అంటగట్టారు. అది కచ్చితంగా పోవాలి. ఒట్టి "సోది" గురించి డెస్కులో మేమే వాదించుకునేవాళ్ళం. ఒకప్పుడు సోది అంటే భవిష్యత్తు చెప్పడం, ఒక పని, దాన్ని విని డబ్బులిచ్చేవాళ్ళు. ఇప్పుడు పనికిరాని వాగుడు అనే అర్థం వచ్చింది. వాడేవాడికి ఆ మొదటి అర్థం గుర్తులేదు. నేనైతే రాతలో మానేశాను, మాటల్లో ఇంకా నోరు జారుతుంది. "చండాలంగా ఉంది" అన్నది మాత్రం రాతలోనూ మాటలోనూ మానేశాను, ఎందుకంటే అక్కడ ఒక జనం పేరే తిట్టయింది.

చీరాల చేనేత

నేనొక సులువు చెబుతాను. జోకులో వాళ్ళ పేరు తీసి మన కులం పేరు పెట్టి చదువుకోండి. నవ్వొస్తే ఉంచండి, మండితే తీసెయ్యండి. మా సాలెవాళ్ళ మీద ఒకటి పెట్టి చూసుకున్నా, మండింది.

ఊరిపేరు వద్దు

చేనేత గారూ, మీ మనసు మంచిది, కానీ ఆ లెక్క సగమే పనిచేస్తుంది. మీ పేరు పెట్టినా మీకు మండుతుంది, అంతటితో సరి. మీ కులం పేరు విని వార్డెన్ మీ పెట్టె తెరవడు. సరదాబాబు గారు గోదావరి మర్యాద జోకు అన్నారు. ఆ జోకు విని గోదావరి వాణ్ణి ఎవరూ అద్దెకి ఇల్లు లేదనరు. నవ్విన తర్వాత ఎవరికి ఏం జరుగుతుంది అన్నది చూడాలి. పేరు మార్చి చదివితే అది కనపడదు.

సరదాబాబు

ఈ మాట ఒప్పుకుంటాను. గోదావరి పోలిక తప్పు. అయినా ప్రతి జోకునీ ఇలా జల్లెడ పట్టాలంటే నాకు ఇష్టం లేదు, అది మాత్రం మారదు.

ప్రూఫురీడర్ పద్మ

ప్రతి జోకునీ వద్దు. మీ బావమరిది ఇడ్లీ ఎక్కువ తిన్నాడని నవ్వితే ఎవరూ ఏమీ అనరు, అతను ఒక మనిషి, తిన్నది అతనే.

కృష్ణాతీరం గారూ, ఒక మాట అడగాలి. పోస్టు పేరేమిటి? ఫొటోల కింద ఏం రాశారు? మేము పేరా సరిచేసి శీర్షిక మరచిపోయిన సందర్భాలు ఉన్నాయి.

కృష్ణాతీరం

సిగ్గుగా ఉంది. పేరు "దొంగల ఊరు మీదుగా చెన్నైకి". స్టేషన్ బోర్డు ఫొటో ఉంది, కింద "ఇదే ఆ ఫేమస్ స్టేషన్" అని ఉంది.

ప్రూఫురీడర్ పద్మ

అక్కడే అసలు దెబ్బ. వెయ్యిమందికి ఆ లింకు వాట్సాప్‌లో వెళ్తే చాలామందికి కనపడేది శీర్షిక, ఒక ఫొటో, అంతే. లోపల మీరు ఎంత మర్యాదగా రాసినా వాళ్ళు చదవరు.

పబ్లిష్ నొక్కేముందే శీర్షిక మార్చండి. తర్వాత మారిస్తే శీర్షిక మారుతుంది కానీ చాలా చోట్ల లింకు పాతదే ఉండిపోతుంది. ఒకసారి ఎడిటర్ సెట్టింగుల్లో లింకు చూడండి, ఇలా ఉందేమో:

```
/dongala-ooru-meeduga-chennaiki
```

ఉంటే అక్కడ కూడా మార్చాలి. తర్వాత Ctrl+F కొట్టి మొత్తం వెతకండి. తెలుగులో ఒక్కో పేరుకి రెండు మూడు రాతలుంటాయి: స్టువర్టుపురం, స్టూవర్టుపురం, స్టువార్టుపురం, ఎరుకల, ఎరుకుల, యెరుకల. ఒకటి వెతికి ఊరుకుంటే రెండోది దొరకదు. "దొంగ" అని కూడా వెతకండి. ట్యాగుల్లో కూడా.

కృష్ణాతీరం

లింకు సరిగ్గా మీరు రాసినట్టే ఉంది. మార్చాను. ట్యాగుల్లో "దొంగలు" ఉంది, తీసేశాను. "దొంగ" అని వెతికితే ఇంకోటి బయటపడింది, గూడూరు దగ్గర "దొంగ నిద్ర పోయాను" అని. అది ఉంచొచ్చు కదా?

గోంగూరపచ్చడి

దొంగ నిద్ర మీ సొంతం, ఉంచుకోండి.

కృష్ణాతీరం

పేరా మళ్ళీ రాశాను. పాతకాగితాలు గారు చెప్పినవన్నీ పెట్టాను:

"బాపట్ల దాటాక స్టువర్టుపురం. బ్రిటిష్ వాళ్ళు అమాయకులైన ఎరుకల ప్రజలను నేరస్థులుగా ముద్ర వేసి 1913లో ఇక్కడ బంధించారు. ఉప్పు వ్యాపారం పోగొట్టుకుని, అవమానాలు భరించి, నేటికీ కన్నీళ్ళతో బతుకుతున్న ఆ అభాగ్యులకు నా వందనం."

పాతకాగితాలు

నేను రాసింది మీకు అర్థం కావాలని. పోస్టులోకి ఎక్కించమని కాదు.

ఊరిపేరు వద్దు

దయచేసి ఇది పెట్టొద్దు. మేము అభాగ్యులం కాదు. మా చెల్లి నర్సు, మా పెదనాన్న కొడుకు కాంట్రాక్టులు చేస్తాడు, మా నాన్న నాలుగెకరాలు కౌలుకి చేశాడు. కన్నీళ్ళతో బతకడం లేదు. మీ ముందు పేరాలో మేం దొంగలం, ఈ పేరాలో దీనులం. రెండింట్లోనూ మేమందరం ఒకే మనిషి.

పైగా తెనాలి టీకీ చీరాల చీరలకీ మధ్య మా ఒక్క ఊరికే చరిత్ర పాఠం ఎందుకు? మీరు నిజంగా ఆ కిటికీలోంచి ఏం చూశారు? అది రాయండి.

కృష్ణాతీరం

నిజం చెప్పాలంటే ఏమీ చూడలేదు. ఇద్దరం బ్యాగులు చూసుకుంటున్నాం. బోర్డు ఫొటో మా ఆవిడ తీసింది. ఇందాక దాన్ని పెద్దది చేసి చూశాను. పసుపు బోర్డు, వెనక సరుగుడు చెట్లు, బోర్డు కింద ఇసకలో ఎవరో సైకిల్ ఆపి నిలబడి ఉన్నారు, క్యారియర్ మీద గడ్డిమోపు.

ప్రూఫురీడర్ పద్మ

అదే మీ పేరా. ఫొటోలో ఆ మనిషి ముఖం కనపడుతుంటే మాత్రం కత్తిరించండి, ఆయన్ని అడగలేదు కదా.

సరదాబాబు

బావమరిది బ్యాగులు లాక్కోవడం ఉంచితే నాకు నచ్చుతుంది. తప్పు చేశాం అని ఒప్పుకుంటూ రాయొచ్చుగా. అంతా తుడిచేస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇది జోకు కోసం అనడం లేదు.

ప్రూఫురీడర్ పద్మ

ఇది మంచి ప్రశ్న. నేను తీసెయ్యమంటాను. రెండు వాక్యాల్లో ఒప్పుకోలు ఇమడదు, బ్యాగుల దగ్గర నవ్వి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. దాని గురించే రాయాలనుకుంటే అది వేరే పోస్టు, పెద్దది.

పాతకాగితాలు

నేను సరదాబాబు వైపు. తీసెయ్యడం ఒక్కటే దారి కాదు. మేం బ్యాగులు చూసుకుంటూ ఊరిని చూడలేదు అని ఒక్క వాక్యం చాలు.

కృష్ణాతీరం

ఇలా రాశాను. శీర్షిక "కిటికీ పక్కన ఏడు గంటలు":

"బాపట్ల దాటాక స్టువర్టుపురం. ఎప్పుడో విన్న మాటలు తలలో పెట్టుకుని ఇటు తిరిగి కూర్చున్నాం, ఊరిని చూడనే లేదు. మా ఆవిడ తీసిన ఫొటోలో తర్వాత చూశాను, పసుపు బోర్డు వెనక సరుగుడు తోట, ఇసకలో ఆపిన సైకిల్, క్యారియర్ మీద పచ్చగడ్డి మోపు. ఎదురు సీటాయన స్థలాల రేట్లు మొదలెట్టాడు, ఒంగోలు దాకా ఆపలేదు."

ఫొటోలో మనిషిని కత్తిరించాను. కింద ఊరు పేరు తప్ప ఏమీ రాయలేదు.

ప్రూఫురీడర్ పద్మ

"ఎప్పుడో విన్న మాటలు" దగ్గర నాకు ఇంకా కొంచెం అనుమానం, తెలిసినవాళ్ళు ఆ మాటలేమిటో పూరించుకుంటారు. కానీ ఆయన ఊరు, ఆయన చెప్పాలి.

ఊరిపేరు వద్దు

రెండుసార్లు చదివాను. ఆ వాక్యం ఉంచండి. తప్పు మీ తలలో ఉందని రాశారు, మా ఊళ్ళో ఉందని కాదు.

బోర్డు ఫొటో కూడా ఉంచండి. సెలవులకి నేను వచ్చేటప్పుడు మా నాన్న ఆ బోర్డు పక్కనే సైకిల్ ఆపుకుని చూస్తుండేవాడు. బండి ఆలస్యమైతే గడ్డి కోసుకుని మళ్ళీ వచ్చేవాడు.